జింకు లోపమా, నత్రజని లోపమా: వరి ఆకు ఫోటోలో రంగు కంటే ముందు వయసు చూడాలి

జనవరి నెలలో గోదావరి డెల్టా రైతుల ఫోన్లలో ఎక్కువగా తిరిగే ఫోటో ఒకటుంది. గట్టు మీద నిలబడి, ఎదురుగా ఉన్న దాళ్వా, అంటే రబీ వరి చేనంతా పడేలా తీసింది. దాని కింద ఒకటే మాట ఉంటుంది: "యూరియా వేసి వారం దాటిందండి, ఇంకా తిప్పుకోలేదు. ఇంకో అర బస్తా వెయ్యమంటారా?"

ఆ ఫోటో చూసి ఎవరైనా సమాధానం చెప్పేస్తే నమ్మకండి. గట్టు మీద నుంచి చూస్తే నత్రజని తక్కువైన చేనూ, జింకు తక్కువైన చేనూ, టుంగ్రో వైరస్ తగిలిన చేనూ, ఉప్పు నీళ్లు ఎక్కిన చేనూ అన్నీ పసుపే. తేడా అంతా ఒక్క మొక్కలో ఏ ఆకు పాలిపోయింది, ఆ ఆకులో ఏ భాగం పాలిపోయింది, ఈనె ఏ రంగులో ఉంది అన్న మూడు విషయాల్లో ఉంటుంది. ఈ మూడూ ఫోటోలో కనిపించేలా తీయడం ఎలా, కనిపించాక చదవడం ఎలా అన్నది వరిలో జింకు లోపం ఆధారంగా చెబుతాను. వరి తరవాత వరి వేసే మన డెల్టాలో నత్రజని అనుకుని పొరపడేది ఎక్కువగా దీని దగ్గరే. పెరట్లో మందారం, బెండ పెంచుకునే వాళ్లకు పనికొచ్చే ముక్కలు చివర్లో ఉన్నాయి.

ముందు ఫోటో సరిగ్గా తీయాలి

మూడు ఫోటోలు కావాలి. మొదటిది గట్టు మీద నుంచి చేనంతా. రోగం పేరు దీనిలో దొరకదు గానీ, పసుపు చేనంతా ఒకేలా ఉందా, మచ్చలు మచ్చలుగా ఉందా, బోదె వైపా, పల్లం వైపా అన్నది తెలుస్తుంది. రెండోది వేళ్లతో సహా పీకి, బురద కడిగిన ఒక దుబ్బు. మూడోది ఆ దుబ్బులోంచి విడదీసిన ఒక్క పిలక, దాని ఆకులన్నీ పైనుంచి కిందికి వరసగా కనిపించేలా తెల్ల కాగితం మీద పరిచి తీసింది. జనం పంపించనిది ఈ మూడోదే. అసలు విషయం ఉండేదీ అందులోనే.

తెల్ల కాగితం శుభ్రత కోసం కాదు. ఫోన్ కెమెరా వెలుతురును బట్టి రంగులు తనంతట తను సర్దుకుంటుంది. సాయంత్రం ఐదున్నరకి తీస్తే మంచి పచ్చని చేను కూడా పసుపుగా పడుతుంది. పక్కన తెల్ల కాగితం ఉంటే, ఆ కాగితం ఫోటోలో పసుపుగా కనిపిస్తోందా లేదా అని చూసి ఆకు రంగును ఎంత నమ్మాలో తేల్చుకోవచ్చు. కాగితమే నిమ్మపండు రంగులో ఉంటే ఆ ఫోటోతో రంగు గురించి మాట్లాడకూడదు. మళ్లీ తీయించాలి.

ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య, మీ ఒంటి నీడ ఆకు మీద పడేలా నిలబడి, ఫ్లాష్ లేకుండా తీయండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో ఆకు మెరిసి, ఆ మెరుపు తెల్ల చారలా పడుతుంది. మధ్య ఈనె తెల్లబడిందనుకోవడానికి అది చాలు. చాలా ఫోన్లు ఎదురుగా ఉన్నది మొక్క అని గుర్తుపట్టగానే పచ్చదనాన్ని తామే పెంచేస్తాయి. ఫోటో అందంగా వస్తుంది, లోపం మాయమైపోతుంది. సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి. పంపేటప్పుడు కూడా మామూలు ఫోటోలా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. లేకపోతే సైజు తగ్గించే క్రమంలో చిన్న చిన్న తుప్పు మచ్చలన్నీ అలుక్కుపోయి ఒకే గోధుమ రంగు పూతలా కనిపిస్తాయి.

ఆకు రంగుల పట్టీ మీ దగ్గర ఉంటే దాన్ని కూడా ఆకు పక్కనే పెట్టి తీయండి. నత్రజని సంగతి తేల్చడానికి అది తెల్ల కాగితం కంటే మేలు. వెలుతురు ఎలా ఉన్నా పట్టీ రంగూ, ఆకు రంగూ ఒకేలా మారతాయి కాబట్టి పోల్చుకోవడం కుదురుతుంది.

ఇంకో మాట. ఊడ్చిన మొదటి వారం, పది రోజుల్లో తీసిన ఫోటో దేనికీ పనికిరాదు. నాటు దెబ్బకి చేను ఎలాగూ పాలిపోతుంది. వేరు పట్టాక కూడా తేరుకోకపోతేనే లోపం గురించి ఆలోచించాలి.

ఆకుల వయసు లెక్కపెట్టడం

కాగితం మీద పరిచిన పిలక తల్లి పిలక కావాలి, అంటే దుబ్బులో అన్నిటికన్నా లావుగా, ఎత్తుగా ఉన్నది. పక్క పిలకల ఆకులన్నీ దానికంటే లేతవి, వాటితో లెక్క తప్పుతుంది. మొవ్వులో ఇంకా చుట్టుకుని ఉన్న ఆకును వదిలేయండి. పూర్తిగా విచ్చుకున్న పై ఆకు ఒకటి, దాని కిందది రెండు, అలా కిందికి దిగండి. ఊడ్చిన మూడు, నాలుగు వారాల పైరులో నాలుగైదు ఆకులు దొరుకుతాయి. ఒకటి లేతాకు. మూడు, నాలుగు ముదురాకులు. ఫోటో తీసే ముందే ఈ అంకెలు కాగితం మీద పెన్నుతో రాసేస్తే చూసేవాడికి సందేహమే ఉండదు.

వయసు ఎందుకంటే, కొన్ని పోషకాలను మొక్క ఒక ఆకులోంచి తీసి ఇంకో ఆకుకు పంపగలదు. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం అలాంటివి. నేలలో చాలనప్పుడు ముదురాకులో ఉన్నదాన్ని లాగి కొత్త ఆకుకు ఇస్తుంది. అందుకే వీటి లోపం కింది ఆకుల్లో ముందు కనబడుతుంది, పై ఆకు అప్పటికింకా పచ్చగానే ఉంటుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు. ఒక ఆకులో చేరినవి అక్కడే ఉండిపోతాయి. నేల నుంచి రావడం ఆగిపోతే ముదురాకులు పచ్చగానే ఉంటాయి, కొత్తగా వచ్చే ఆకు పాలిపోయి పుడుతుంది. గంధకం కూడా చాలావరకు ఈ రెండో గుంపులోదే.

కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: నాలుగో ఆకు ఎక్కువ పాలిపోయిందా, ఒకటో ఆకా? నాలుగోది పసుపు, ఒకటోది పచ్చ అయితే నత్రజని వైపు మొగ్గండి. ఒకటోది పసుపు, నాలుగోది పచ్చ అయితే గంధకం, ఇనుము వైపు చూడాలి. ఇనుము లోపం నీళ్లు నిలిచే మన మాగాణిలో అరుదు. మెట్ట నారుమళ్లలో, తీరం దగ్గర ఇసుక నేలల్లో పోసిన నారులో మొవ్వు తెల్లకాగితంలా వస్తే మాత్రం అదే.

జింకు దగ్గరకు వచ్చేసరికి ఈ సూత్రం సగమే పనిచేస్తుంది. జింకు కొంచెం కదులుతుంది, పూర్తిగా కదలదు. అందుకే వరిలో దాని గుర్తులు రెండు చోట్లా వస్తాయి: కింది ఆకుల మీద తుప్పు మచ్చలు, పై ఆకు మొదలు దగ్గర తెలుపు. కింది ఆకులు మాత్రమే చూసిన వాళ్లు నత్రజని అనుకుంటారు, పై ఆకు మాత్రమే చూసిన వాళ్లు ఇనుము అనుకుంటారు. రెండూ ఒకే పిలక మీద ఉంటే జింకు అని గట్టిగా అనుమానించాలి. ఈ ఒక్క సంగతి కోసమే పిలక మొత్తాన్ని పరిచి తీయమనేది.

ఒక్క ఆకులో పసుపు ఎక్కడ మొదలైంది

వయసు తేలాక ఆ ఆకులోకి వెళ్లాలి. వరి ఆకులో ఈనెలు పొడుగునా సమాంతరంగా ఉంటాయి. కాబట్టి ఈనెల మధ్య పసుపు అనేది వరిలో చారలుగా కనిపిస్తుంది, మందారం ఆకులోలా వల అల్లినట్టు కాదు. అది చూడాలంటే ఆకును ఆకాశానికి అడ్డంగా పట్టుకుని, వెలుతురు వెనక నుంచి వచ్చేలా ఇంకో ఫోటో తీయండి. ఈనె ఏదో, మధ్య భాగం ఏదో స్పష్టంగా విడిపోతాయి.

నత్రజని లోపంలో ముదురాకు చివర నుంచి మొదలై ఆకంతా ఒకే రకంగా పాలిపోతుంది. ఈనె, మధ్య భాగం అన్న తేడా ఉండదు, మచ్చ ఉండదు. మొక్కజొన్నలో ఇదే పసుపు మధ్య ఈనె వెంట, చివర నుంచి మొదలుకు కోసుగా దిగుతుంది. పొటాష్ లోపం దీనికి ఎదురు. అంచుల వెంట దిగుతుంది, చివర నుంచి అంచులు పసుపై, తరవాత గోధుమ రంగుకు మారి ఎండుతాయి, నడుమ మాత్రం పచ్చగా మిగులుతుంది. వరిలో పొటాష్ గుర్తులు సాధారణంగా పైరు కొంచెం ముదిరాక బయటపడతాయి. మూడు వారాల పైరు ఫోటో చూసి పొటాష్ అనడానికి తొందరపడకూడదు.

జింకు లోపంలో మూడో, నాలుగో ఆకు చివర్లలో, మధ్య ఈనెకు రెండు పక్కలా, తుప్పు రంగులో లేదా ఇటుక రంగులో చిన్న చిన్న చుక్కలు పుడతాయి. వాటికి అంచు గీత ఉండదు, గుండ్రంగానూ ఉండవు. నాలుగు రోజుల్లో ఒకదానితో ఒకటి కలిసిపోయి పట్టీలవుతాయి. ఆకు సైజు చిన్నదవుతుంది, పెళుసెక్కుతుంది. వేలితో వంచితే చిటుక్కున విరుగుతుంది. ఇది ఫోటోలో రాదు కాబట్టి పంపినవాళ్లని అడిగి తీరాలి. పై ఆకులో మొదలు దగ్గర, కాండానికి అంటుకున్న చోట, మధ్య ఈనె పాలిపోయి తెల్లగా ఉంటుంది. మొక్క గిడసబారిపోతుంది, పిలకలు రావు. ఇవన్నీ నాటిన రెండు నుంచి ఆరు వారాల మధ్య బయటపడతాయి.

ఈ జబ్బుకు ఉత్తరాదిన ఖైరా అని పేరు. హిమాలయాల కింది తరాయి నేలల్లో చాలాకాలం దీన్ని తెగులనే అనుకున్నారు. జింకు లోపమని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై.ఎల్. నేనే అనే శాస్త్రవేత్త తేల్చారు. మందులు కొట్టినా లొంగని తెగులు, జింకు ద్రావణం చల్లితే తగ్గింది. ఈ పరీక్ష ఇప్పటికీ మనకు పనికొస్తుంది, దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ఒక చేను, మొదటి నుంచి

కొత్తపేట వైపు నుంచి వచ్చిన ఒక ఫోటోల కట్ట తీసుకుందాం. ఎంటీయూ 1121 రకం వరి, దాళ్వా, ఊడ్చి ఇరవై నాలుగు రోజులు. దమ్ములో ఎకరాకు బస్తా డీఏపీ పడింది. పదిహేనో రోజున పాతిక కిలోల యూరియా. తొమ్మిది రోజులైనా రంగు రాలేదు.

మొదటి ఫోటోలో పసుపు చేనంతా లేదు. తూర్పు గట్టు వెంట ఒక పట్టీ, మధ్యలో రెండు దిబ్బలు. నత్రజని చాలకపోతే పసుపు సామాన్యంగా చేనంతా సమంగా ఉంటుంది, లేదా ఎరువు చల్లిన చెయ్యి తప్పిన చోట చారలుగా ఉంటుంది. ఇలా ఒక గట్టు వెంట ఉందంటే నేలలో ఏదో తేడా ఉన్నట్టు. అడిగితే తెలిసింది, కిందటి వేసవిలో చదును చేయించారు. తూర్పు వైపు మెరక గీకి పడమర పల్లంలో పోశారు. పైమట్టి పోయిన చోట సేంద్రియ పదార్థంతో పాటు జింకూ పోయింది. ఇటుక బట్టీలకు పైమట్టి అమ్ముకున్న చేలల్లో కూడా ఇదే కథ.

రెండో ఫోటోలో వేళ్లు గోధుమ తెలుపులో ఉన్నాయి, నల్లగా లేవు. నల్లబడి, కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంటే నీరు కదలక వేరు ఉక్కిరిబిక్కిరవుతోందని అర్థం. అప్పుడు జింకు మాట పక్కన పెట్టి, ముందు మురుగు బోదె తెరిచి నీళ్లు తీసేయాలి. ఇక్కడ ఆ బాధ లేదు.

మూడో ఫోటోలో తల్లి పిలక, ఐదు ఆకులు. ఐదోది ఎండిపోయింది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఎంత మంచి పైరులోనైనా అడుగు ఆకు ఎండుతుంది. నాలుగో ఆకు చివరి సగం మీద ఇటుక రంగు చుక్కలు కలిసిపోయి, మధ్య ఈనెకు రెండు వైపులా పట్టీలయ్యాయి. మూడో ఆకు మీద చుక్కలు ఇంకా విడివిడిగానే ఉన్నాయి. అంచులు మాత్రం పచ్చగా ఉన్నాయి, కాబట్టి పొటాష్ కాదు. రెండో ఆకు మామూలు. ఒకటో ఆకు దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంది గానీ, ఫోటో పెద్దది చేసి కాండం దగ్గర చూస్తే రెండు అంగుళాల మేర మధ్య ఈనె సున్నం గీతలా ఉంది. కాగితం తెల్లగానే పడింది కాబట్టి ఆ రంగును నమ్మవచ్చు. వంచితే విరుగుతోందా అని అడిగితే, విరుగుతోందండి అన్నారు.

ఇవన్నీ జింకు వైపే చూపిస్తున్నాయి, యూరియాతో తిప్పుకోకపోవడం కూడా ఒక గుర్తే. నత్రజని లోపమే అయితే యూరియా పడిన ఐదారు రోజుల్లో రంగు వచ్చి తీరాలి. ఇంకో అర బస్తా వేస్తే మంచి వైపు చేను ఏపుగా పెరిగి పురుగును పిలుస్తుంది, గిడసబారిన వైపు అలాగే ఉంటుంది.

మన దాళ్వాలోనే ఎందుకు ఎక్కువ

డెల్టా నేలలో జింకు లేదని కాదు. నెలల తరబడి నీరు నిలిచిన బంక నేలలో ఉన్న జింకు కూడా కరగని రూపంలోకి మారిపోతుంది, వేరుకు అందదు. సార్వా కోసి, దమ్ము చేసి, వెంటనే దాళ్వా ఊడ్చేస్తే నేల ఆరి గాలి పీల్చుకునే విరామమే ఉండదు. దానికి తోడు ఊడ్పులయ్యాక వచ్చేది చలికాలపు రాత్రులు. చలికి వేరు ఎదుగుదల మందగించి, తీసుకునే జింకు ఇంకా తగ్గుతుంది. డీఏపీ ఎక్కువైతే భాస్వరం జింకును అడ్డుకుంటుంది. చలి తగ్గాక కొన్ని చేలు వాటంతటవే కొంత తేరుకోవడం కూడా ఇందుకే. అలాగని ఎదురు చూస్తే పిలకలు వేసే రోజులు దాటిపోతాయి.

తేల్చుకోవడానికి చేలో చిన్న పరీక్ష

ఫోటోతో అనుమానం మాత్రమే బలపడుతుంది. తేల్చేది చేనే. పసుపు బాగా ఉన్న చోట నాలుగు పుల్లలు పాతి, సెంటు స్థలం గుర్తు పెట్టుకోండి. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, సాయంత్రం పూట అక్కడ మాత్రమే ఆకులు తడిసేలా కొట్టండి. పదహారు లీటర్ల ట్యాంకుకైతే 32 గ్రాములు. ఐదు రోజులాగి ఇంకోసారి. పక్కన ఇంకో సెంటు ఏమీ కొట్టకుండా వదిలేయండి, అది లేకపోతే చలి తగ్గి తేరుకుందో, జింకుతో తేరుకుందో చెప్పలేరు.

వారం తరవాత రెండు చోట్ల నుంచీ ఒక్కో పిలక తెచ్చి ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి ఫోటో తీయండి. ఇక్కడ చాలామంది పాత ఆకును చూసి "మచ్చలు పోలేదండి, పని చెయ్యలేదు" అంటారు. తుప్పు పట్టిన ఆకు మళ్లీ పచ్చబడదు. చూడాల్సింది కొట్టిన తరవాత విచ్చుకున్న కొత్త ఆకును. దాని మొదలు పచ్చగా ఉండి, మచ్చలు కొత్తగా పైకి ఎక్కకపోతే పనిచేసినట్టే. కొత్తపేట చేలో కొట్టిన సెంటులో కొత్త ఆకు మొదలంటా పచ్చగా వచ్చింది, పక్క సెంటులో తెల్ల గీత అలాగే ఉంది. అప్పుడు తూర్పు పట్టీ మొత్తానికి కొట్టారు.

చిన్న మెలిక ఒకటుంది. జింక్ సల్ఫేట్‌లో గంధకం కూడా ఉంటుంది. డీఏపీలో గంధకం ఉండదు. పైనుంచి కింది దాకా చేనంతా పాలిపోయి, ఒకటో ఆకే ఎక్కువ పసుపుగా ఉండి, తుప్పు చుక్కలు అసలు లేకపోతే తేరుకున్నది గంధకంతోనేమో అన్న అనుమానం మిగులుతుంది. అలాంటి చోట పరీక్షకు జింక్ సల్ఫేట్ బదులు చిలేటెడ్ జింకు లీటరుకు గ్రాము చొప్పున వాడండి. దాంతోనూ తిప్పుకుంటే ఇక జింకే.

తేలాక, నిలిచి ఉన్న పైరుకు ఇదే 2 గ్రాముల ద్రావణం ఐదు రోజుల తేడాతో రెండు, మూడు సార్లు కొట్టాలి. దీనిలో పురుగు మందులు, తెగుళ్ల మందులు కలపకండి. ట్యాంకు ఖర్చు కలిసొస్తుందని కలిపేవాళ్లు ఉన్నారు, తరవాత ఆకు మాడితే మందుదో జింకుదో తెలియదు. వచ్చే దాళ్వాకి మాత్రం ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయడమే సరైన దారి. డీఏపీతో గానీ సూపర్‌తో గానీ కలిపి చల్లొద్దు, రెంటికీ మధ్య కనీసం మూడు రోజులైనా ఉండాలి.

జింకులా కనిపించి జింకు కానివి

అన్నిటికంటే ప్రమాదం టుంగ్రోతో. అదీ మచ్చలు మచ్చలుగా వస్తుంది, మొక్క గిడసబారుతుంది, యూరియాకు పలకదు. కానీ ఆకు చివర నుంచి నారింజ పసుపు రంగు తిరుగుతుంది, మధ్య ఈనె పక్కన ఇటుక పట్టీలు ఉండవు. దుబ్బును చేత్తో తట్టి చూడండి, పచ్చ దీపపు పురుగులు ఎగిరితే అనుమానం అటే పోవాలి. టుంగ్రో మొక్కకు జింకు కొడుతూ కూర్చుంటే ఆ వారంలో పురుగు పక్క దుబ్బులకూ వైరస్‌ను అంటిస్తుంది.

గోధుమ మచ్చ తెగులులో ఒక్కో మచ్చా విడిగా, నువ్వు గింజ ఆకారంలో, చుట్టూ పసుపు వలయంతో ఉంటుంది. జింకు మచ్చకు వలయం లేదు. ఉప్పు దెబ్బ తగిలితే ఆకు కొసలు తెల్లగా ఎండి చుట్టుకుంటాయి, నీరు తగ్గినప్పుడు గట్టు పక్కన తెల్ల పొర తేలుతుంది. అంతర్వేది, ఉప్పలగుప్తం వైపు కాలువ చివరి భూములు, రొయ్యల చెరువుల పక్క చేలు ఉన్నవాళ్లు ముందు దీన్నే చూసుకోవాలి. చిక్కేమిటంటే చౌడు నేలల్లో జింకు లోపమూ ఎక్కువే, రెండూ కలిసి ఉంటాయి. అక్కడ ఫోటో మీద ఎంత వాదించినా తేలదు, సెంటు పరీక్ష చేయాల్సిందే.

పెరట్లో, కుండీల్లో

ఇక్కడ ఆకులు వెడల్పుగా ఉండి ఈనెలు వలలా ఉంటాయి కాబట్టి చదవడం వరి కంటే తేలిక. కడియం నుంచి తెచ్చిన మందారం కొత్త ఆకులు నిమ్మ పసుపులో వచ్చి, ఈనెలు మాత్రం సన్నటి పచ్చ గీతల్లా మిగిలితే ఇనుము అందడం లేదు. కారణం సాధారణంగా మట్టిలో ఇనుము లేకపోవడం కాదు. ఉప్పు బోరు నీళ్లు, సిమెంటు తొట్టి, మంచిదని వేసిన గుడ్డు పెంకులు, సున్నం కలిసి మట్టిని క్షారం చేసి ఇనుమును బిగించేస్తాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి అప్పటికప్పుడు ఆకుల మీద కొట్టండి, నిలవ ఉంచితే తుప్పు రంగుకు మారి పనికిరాదు. నీళ్లు మార్చకపోతే నెలకే మళ్లీ వస్తుంది.

అదే మందారంలో పసుపు ముదురాకుల్లో ఈనెల మధ్య మొదలై, తొడిమ దగ్గర మాత్రం పచ్చగా కోసుగా మిగిలితే అది మెగ్నీషియం. ముదురాకు ఈనెలతో సహా మొత్తం పసుపైతే నత్రజని. అడుగున ఒకటో రెండో ఆకులు పండి రాలడం లోపం కాదు, వయసైపోవడం. నర్సరీ ఆకుపచ్చ షేడ్ నెట్ కింద తీసిన ఫోటోతో వీటిలో ఏదీ తేల్చలేం, నెట్ రంగు ఆకు మీద పడి పసుపును మింగేస్తుంది. కుండీని బయట నీడలోకి తెచ్చి తీయాలి.

ఇక ఈనె పచ్చగా, ఆకు పసుపుగా ఉండటానికి బదులు, ఈనెలే పసుపెక్కి మధ్య భాగం పచ్చగా ఉంటే ఎరువుల సంచీ వైపు వెళ్లకండి. బెండలో అది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఏ పోషకమూ దాన్ని మార్చదు. ఆ మొక్క పీకేసి, పక్క మొక్కల ఆకుల వెనక తెల్లదోమ ఉందేమో చూడండి.

మట్టి పరీక్ష

ఆకు గుర్తు కనబడేసరికి దిగుబడి కొంత పోయే ఉంటుంది. గుర్తు కనబడిన చేలో దాళ్వా కోత అయ్యాక, నేల ఆరిన తరవాత, ఎరువు వేయకముందే మట్టి తీయించండి. పసుపు పట్టీ ఉన్న చోట ఒక నమూనా, బాగున్న చోట ఇంకొకటి, విడివిడిగా. రెండూ కలిపేస్తే సగటు వచ్చి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. గడ్డపారకు, పారకు తుప్పు లేకుండా చూసుకోండి. జింకు పూత ఉన్న బకెట్టులో, రేకులో మట్టి కలపకండి, ప్లాస్టిక్‌ది వాడండి. పరీక్ష కాగితంలో జింకు 0.6 పీపీఎం కంటే తక్కువ ఉంటే వచ్చే దమ్ముకి 20 కిలోలు తప్పవు. చదును చేయించిన తూర్పు గట్టు లాంటి చోట అంతకంటే కొంచెం పైన వచ్చినా వేసేయమనే చెబుతాను.